బరువు తగ్గాక శరీరం ఎంత పొదుపు చేస్తుంది?

అమెరికాలో ‘ది బిగ్గెస్ట్ లూజర్’ అని ఒక టీవీ పోటీ నడిచేది. భారీకాయులను తీసుకొచ్చి, నెలల తరబడి కఠినమైన వ్యాయామం చేయించి, తిండి కట్టడి చేసి, ఎవరు ఎక్కువ బరువు తగ్గితే వాళ్లను విజేతగా ప్రకటించేవాళ్లు. 2009లో ప్రసారమైన ఎనిమిదో సీజన్‌లో పోటీదారులు 30 వారాల్లో సగటున 58 కిలోలు తగ్గారు. వాళ్లలో 14 మందిని ఆరేళ్ల తర్వాత మేరీలాండ్ రాష్ట్రం బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థకు మళ్లీ పిలిపించి, కెవిన్ హాల్ బృందం పరీక్షలు చేసింది. తగ్గిన 58 కిలోల్లో 41 కిలోలు తిరిగి వచ్చేశాయి. అది పెద్ద ఆశ్చర్యం కాదు. ఆశ్చర్యపరిచింది మరో సంఖ్య. కదలకుండా పడుకున్నప్పుడు వాళ్ల ఒంట్లో ఖర్చవ్వాల్సిన శక్తి కంటే రోజుకు సగటున 499 కేలరీలు తక్కువ ఖర్చవుతున్నాయి.

2016 మేలో ‘ఒబేసిటీ’ పత్రికలో ఈ ఫలితం వచ్చాక ప్రపంచమంతా గుప్పుమంది. డైటింగ్ చేస్తే మెటబాలిజం శాశ్వతంగా దెబ్బతింటుందన్న మాట ఊరూరా పాకింది. బరువు తగ్గి మళ్లీ పెరిగిన ప్రతి ఒక్కరికీ అదొక వివరణగా దొరికింది, బరువు తగ్గాలనుకునేవాళ్లకు అదొక భయంగా మారింది.

అయితే ఆ 499ని ఏ యంత్రమూ చూపించలేదు. యంత్రం చూపించింది 1,903 కేలరీలు. ‘ఖర్చవ్వాల్సింది’ సుమారు 2,400 అని ఒక సూత్రం చెప్పింది. ఆ రెంటి తేడాయే 499. జీవక్రియ సర్దుబాటు, ఇంగ్లిష్ మాటలో మెటబాలిక్ అడాప్టేషన్, ఎప్పుడూ ఇలా తీసివేతలోనే పుడుతుంది. దాన్ని నేరుగా కొలిచే సాధనం లేదు. కాబట్టి కొలత ఎలా జరిగింది, అంచనా ఎక్కడి నుంచి వచ్చింది అన్న రెండు విషయాలు తెలిస్తే తప్ప ఆ సంఖ్యను నమ్మాలో వద్దో తేల్చుకోలేం.

కొలత అంటే ఏమిటి

మనం ఏ పనీ చేయకుండా మేలుకుని పడుకున్నా గుండె కొట్టుకుంటుంది, కాలేయం, మూత్రపిండాలు, మెదడు పనిచేస్తూనే ఉంటాయి. అందుకు ఒక రోజులో ఖర్చయ్యే శక్తిని విశ్రాంతి జీవక్రియ రేటు అంటారు. కాస్త కఠినమైన షరతులతో కొలిస్తే అదే మనకు బాగా అలవాటైన బీఎంఆర్. చాలామందిలో రోజు మొత్తం ఖర్చులో సగానికి పైగా ఇదే ఉంటుంది.

దీన్ని కొలవడానికి ఊపిరిని లెక్కగడతారు. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా, కాఫీ టీలు తాగకుండా, సిగరెట్ ముట్టకుండా, ముందురోజు గట్టి వ్యాయామం చేయకుండా మనిషి పొద్దున్నే రావాలి. మంచం మీద వెల్లకిలా పడుకుని అరగంట సేపు ఊరికే ఉండాలి. అప్పుడు తల మీద పారదర్శకమైన ప్లాస్టిక్ డోమ్ ఒకటి బోర్లిస్తారు. దాని అంచున ఉండే పలుచని ప్లాస్టిక్ పట్టాను మెడ చుట్టూ, భుజాల కిందికి సర్దుతారు. గొట్టం గుండా డోమ్‌లోని గాలిని యంత్రం నిదానంగా లాగుతూ, అందులో ఆక్సిజన్ ఎంత తగ్గింది, కార్బన్ డయాక్సైడ్ ఎంత పెరిగింది అని క్షణక్షణం చూస్తుంది. నిద్రపోకూడదు, మాట్లాడకూడదు, ఫోన్ చూడకూడదు. మొదటి ఐదు నిమిషాల కొలతలను పక్కన పెట్టేస్తారు, ఎందుకంటే డోమ్ మీద పడగానే ఎవరి ఊపిరైనా కొంచెం తేడాగా ఉంటుంది. ఆ తర్వాత రెండు వాయువుల అంకెలూ పెద్దగా ఊగకుండా నిలకడగా ఉన్న నిమిషాలను తీసుకుని సగటు కడతారు.

ఆ సగటును కేలరీలుగా మార్చే సూత్రాన్ని 1949లో వీర్ అనే శాస్త్రవేత్త ఇచ్చాడు. ఇప్పటికీ అదే వాడుతున్నారు. లీటరు ఆక్సిజన్‌కు 3.941, లీటరు కార్బన్ డయాక్సైడ్‌కు 1.106 చొప్పున గుణించి కలిపితే కేలరీలు వస్తాయి. ఒక మహిళ నిమిషానికి 225 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుని 180 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదిలిందనుకుందాం. ఆక్సిజన్ వైపు నుంచి 0.887, కార్బన్ డయాక్సైడ్ వైపు నుంచి 0.199, మొత్తం నిమిషానికి 1.086 కేలరీలు. రోజులో 1,440 నిమిషాలు కాబట్టి సుమారు 1,560 కేలరీలు. పావుగంట ఊపిరిని ఇరవైనాలుగు గంటలకు సాగదీసిన లెక్క ఇది. అందుకే ఆ పావుగంటలో జరిగిన చిన్న పొరపాటు కూడా చివరి అంకెలో పెద్దగా కనిపిస్తుంది.

కొలత చెడిపోతే కనిపెట్టడానికి ఒక గుర్తు ఉంది. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకున్న ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి మామూలుగా 0.7కు, 1కి మధ్య ఉండాలి. పై ఉదాహరణలో అది 0.8, పరగడుపున ఉన్న మనిషికి సరిగ్గా సరిపోయే అంకె. ఒకటి దాటిందంటే ఆ మనిషి కంగారుగా ఎగశ్వాస తీసుకుని ఉండాలి, లేదా తిని వచ్చి ఉండాలి. 0.67 కంటే దిగితే యంత్రం సరిచూసుకోవాలి. కానీ డోమ్ అంచు సరిగా సర్దకపోవడం వల్ల ఊపిరి బయటికి పోతుంటే ఈ గుర్తు పనిచేయదు. రెండు వాయువులూ కలిసే తగ్గుతాయి, నిష్పత్తి మారదు, కేలరీలు మాత్రం తక్కువగా పడతాయి. ‘మీ మెటబాలిజం చాలా నెమ్మదిగా ఉంది’ అని చెప్పే నివేదిక వెనక సరిగా సర్దని ప్లాస్టిక్ పట్టా ఉండే అవకాశం లేకపోలేదు.

అన్నీ సవ్యంగా ఉన్నా, ఒకే మనిషిని అదే యంత్రం మీద వేర్వేరు రోజుల్లో కొలిస్తే మూడు నుంచి ఐదు శాతం దాకా తేడా రావడం మామూలే. 1,500 కేలరీల మనిషికి అది 45 నుంచి 75 కేలరీలు. ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి, ముందు ముందు దీనితో పని పడుతుంది.

జిమ్ చీటీ మీద ఉండేది కొలత కాదు

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో చాలా జిమ్‌లలో చెప్పులు విడిచి ఎక్కి, రెండు చేతులతో పిడులు పట్టుకునే యంత్రం ఉంటుంది. నిమిషంలో ఒక చీటీ వస్తుంది. కొవ్వు శాతం, కండ బరువు, వాటి పక్కనే ‘బీఎంఆర్’ అని ఒక అంకె. ఆ అంకెను చూసి అది తమ ఒంట్లో జరుగుతున్న ఖర్చు అని చాలామంది అనుకుంటారు. ఆ యంత్రం ఊపిరిని చూడలేదు. అరికాళ్ల నుంచి స్వల్పమైన కరెంటును పంపి, ఒంట్లో నీరు ఎంత ఉందో, దాన్నిబట్టి కొవ్వు కాని బరువు ఎంతో అంచనా కట్టింది. ఆ అంచనాను మరో సూత్రంలో వేసింది. సాధారణంగా ఆ సూత్రం: కొవ్వు కాని బరువును 21.6తో గుణించి 370 కలపడం. అంటే అంచనా మీద అంచనా. బరువు తగ్గాక ఆ అంకె తగ్గితే అది మెటబాలిజం మందగించినందుకు గుర్తు కాదు, కొవ్వు కాని బరువు తగ్గినట్టు యంత్రం అనుకుందని మాత్రమే అర్థం. ఇలాంటి చీటీలు ఎన్ని పేర్చుకున్నా జీవక్రియ సర్దుబాటు గురించి ఏమీ తెలియదు. సూత్రంలో దానికి చోటే లేదు.

అంచనా ఎక్కడి నుంచి వస్తుంది

అంచనా సూత్రాల చరిత్ర 1919లో అమెరికాలోని కార్నెగీ సంస్థ ప్రచురించిన హారిస్, బెనెడిక్ట్‌ల పుస్తకంతో బలంగా మొదలైంది. 136 మంది మగవాళ్లను, 103 మంది ఆడవాళ్లను కొలిచి, బరువు, ఎత్తు, వయసు తెలిస్తే ఖర్చు ఎంతో చెప్పే సూత్రాలు కట్టారు. 1990లో మిఫ్లిన్, సెయింట్ జోర్ బృందం 498 మందిని కొలిచి కొత్త సూత్రం ఇచ్చింది. ఇవాళ ఫోన్లలోని ఆరోగ్య యాప్‌లలో ఎక్కువగా కనిపించేది ఇదే. మహిళలకైతే బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో గుణించి కలిపి, వయసును 5తో గుణించి తీసేసి, చివర 161 తీసేయాలి. మగవాళ్లకైతే ఆ 161 తీసేసే బదులు 5 కలపాలి.

ఈ సూత్రాలన్నీ రెడీమేడ్ చొక్కాల లాంటివి. గుంపుకు కొలిచి కుట్టినవి, కొందరికి అతికినట్టు సరిపోతాయి, కొందరికి భుజాలు జారతాయి. అందుబాటులో ఉన్నవాటిలో మిఫ్లిన్ సూత్రమే మెరుగని 2005లో అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష తేల్చింది. ఊబకాయం లేనివాళ్లలో నూటికి 82 మందికి, ఊబకాయులలో 70 మందికి అది అసలు కొలతకు పది శాతం లోపల చెప్పగలిగింది. మిగతా 18 మందికి, 30 మందికి పది శాతం కంటే ఎక్కువే తప్పింది. మెరుగైన సూత్రం సంగతే ఇది.

గుంపు మారితే చొక్కా కొలత కూడా మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985 నుంచి వాడిన స్కోఫీల్డ్ సూత్రాల వెనక ఉన్న ఏడు వేల పైచిలుకు కొలతల్లో దాదాపు సగం ఇటాలియన్లవి. వాళ్లలో చాలామంది సైనికులు, పోలీసు శిక్షణలో ఉన్న యువకులు. ఆ సూత్రాలను ఉష్ణదేశాల వాళ్లకు వేస్తే అంచనా ఎక్కువ పడుతోందని పరిశోధకులు గమనించారు. భారత వైద్య పరిశోధన మండలి మన పోషకాహార సిఫారసులు తయారుచేసినప్పుడు వాటిని భారతీయులకు ఐదు శాతం తగ్గించి వాడింది. ఆ పని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థతో ముడిపడినదే. కాబట్టి ఒక తెలుగు మహిళను కొలిచినప్పుడు విదేశీ సూత్రం కంటే 70 కేలరీలు తక్కువ వచ్చాయని ‘డైటింగ్ వల్ల మెటబాలిజం పడిపోయింది’ అనడం తొందరపాటు. ఆమె జన్మలో డైటింగ్ చేయకపోయినా అంతే వచ్చి ఉండొచ్చు.

ఒక లెక్క, మూడు జవాబులు

వివరం కోసం ఒక లెక్క చేద్దాం. 38 ఏళ్ల మహిళ, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు. అందులో కొవ్వు 40, కొవ్వు కానిది 46. డోమ్ కింద కొలిస్తే పైన చూసిన 1,560 కేలరీలు వచ్చాయి. కొన్ని నెలల్లో ఆమె 70 కిలోలకు దిగింది. ఇప్పుడు కొవ్వు 27.5, కొవ్వు కానిది 42.5. మళ్లీ కొలిస్తే 1,290.

270 కేలరీలు తగ్గాయి. ఇదంతా సర్దుబాటు కాదు. పదహారు కిలోల శరీరమే లేదు కదా, దాన్ని పోషించే ఖర్చు ఎలా ఉంటుంది? ఎంత తగ్గాల్సి ఉందో తెలిస్తేనే, అంతకు మించి ఎంత తగ్గిందో తెలుస్తుంది.

ముందుగా మిఫ్లిన్ సూత్రం వేద్దాం. 86 కిలోల దగ్గర అది 1,496 అంటుంది, 70 కిలోల దగ్గర 1,336. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, రెండో కొలతను మాత్రమే తీసుకుని 1,336లోంచి 1,290 తీసేసి ‘సర్దుబాటు 46’ అనడం. బరువు తగ్గకముందు ఆమె సూత్రం కంటే 64 కేలరీలు ఎక్కువే ఖర్చు చేసేది. ఇప్పుడు 46 తక్కువ ఖర్చు చేస్తోంది. ఆమె జారింది పైనుంచి కిందికి, మొత్తం 110. బరువు తగ్గకముందు కొలత లేకపోతే ఈ 64 మనకు కనపడేది కాదు. ‘మునుపటి కొలత లేనివాళ్లకు సర్దుబాటు చెప్పలేం’ అని పరిశోధకులు అనడానికి కారణం ఇదే.

ఇప్పుడు జిమ్ యంత్రంలో ఉండే సూత్రం వేద్దాం. 46 కిలోల కొవ్వు కాని బరువుకు 1,364, 42.5 కిలోలకు 1,288. అంటే సహజంగా తగ్గాల్సింది 76 కేలరీలే. అసలు తగ్గింది 270 కాబట్టి సర్దుబాటు ఏకంగా 194 అవుతుంది. అదే మహిళ, అవే కొలతలు, జవాబు మాత్రం దాదాపు రెట్టింపు.

ఎందుకిలా? ఈ సూత్రం కొవ్వుకు ఖర్చే లేదనుకుంటుంది. నిజానికి కిలో కొవ్వు రోజుకు నాలుగున్నర కేలరీల దాకా ఖర్చు చేస్తుంది. తక్కువే, కానీ పన్నెండున్నర కిలోలు పోతే 56 కేలరీలు. వాటిని కూడా సహజమైన తగ్గుదలలో కలిపితే సర్దుబాటు 138కి దిగుతుంది.

కాబట్టి 110, 138, 194. మూడూ లెక్క ప్రకారం సరైనవే. తేడా అంతా ఏది ‘సహజం’ అని ముందే అనుకున్నామన్నదాంట్లో ఉంది. అందుకే మంచి అధ్యయనాల్లో పుస్తకంలోని సూత్రాన్ని తెచ్చుకోరు. బరువు తగ్గకముందు తమ దగ్గరున్న మనుషులందరినీ అదే యంత్రం మీద కొలిచి, వాళ్ల కొవ్వు, కొవ్వు కాని బరువు, వయసు, ఆడా మగా అన్నవాటితో సొంత సూత్రం కట్టుకుంటారు. బరువు తగ్గాక కొత్త శరీరపు అంకెలను ఆ సూత్రంలో వేసి వచ్చిన అంచనాతో కొత్త కొలతను పోలుస్తారు. బిగ్గెస్ట్ లూజర్ అధ్యయనంలోనూ ఇదే పద్ధతి వాడారు.

అయినా ఒక చిక్కు మిగులుతుంది. ‘కొవ్వు కాని బరువు’ అంటే కండ ఒక్కటే కాదు. అందులో నీరు, ఎముక, గుండె, కాలేయం అన్నీ ఉన్నాయి. పని లేకుండా ఉన్న కండ కిలోకు రోజుకు 13 కేలరీలు ఖర్చు చేస్తే, కాలేయం కిలోకు 200, గుండె, మూత్రపిండాలు కిలోకు 440 దాకా ఖర్చు చేస్తాయి. తిండి బాగా తగ్గించినవాళ్లలో కాలేయం లాంటి అవయవాలు కూడా కొంచెం చిన్నవవుతాయి. డెక్సా స్కాన్‌కు అది తెలియదు, పోయిన కిలోలన్నీ దానికి ఒకటే. ఒక పిసరు కాలేయం తగ్గినందువల్ల పోయిన ఖర్చును కూడా మన లెక్క ‘సర్దుబాటు’ ఖాతాలో రాసేస్తుంది.

ఇక ముందు గుర్తుపెట్టుకోమన్న మూడు నుంచి ఐదు శాతం సంగతి. మన ఉదాహరణలోని మహిళను రెండుసార్లు కొలిచారు, రెండింటిలోనూ ఆ తేడా ఉండొచ్చు. రెండూ కలిస్తే 80 కేలరీల వరకు ఊగిసలాట సులభంగా వస్తుంది. ఆమె 110 నిజంగా 190 కావచ్చు, 30 కూడా కావచ్చు. వంద మందిని కొలిచి సగటు తీస్తే ఈ ఊగిసలాటలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, అప్పుడు సగటును నమ్మొచ్చు. ఒక్క మనిషికి ఒక్క జత కొలతలతో ‘మీ సర్దుబాటు ఇంత’ అని ఎవరైనా చెబితే అది నమ్మదగ్గ మాట కాదు.

ఎప్పుడు కొలిచారు?

ఈ రంగంలో గత కొన్నేళ్లలో వచ్చిన ముఖ్యమైన మలుపు సూత్రం గురించి కాదు, సమయం గురించి. తిండి తగ్గించి బరువు దిగుతూ ఉన్న మనిషిని ఆ మధ్యలోనే కొలిస్తే ఒంట్లో ఒక పరిస్థితి ఉంటుంది. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ హార్మోను పడిపోతుంది, థైరాయిడ్ హార్మోన్లలో చురుకైన రూపం తగ్గుతుంది, నాడీవ్యవస్థ నెమ్మదిస్తుంది. ‘తిండి రావడం లేదు, జాగ్రత్తగా ఖర్చు పెట్టు’ అన్న సందేశం ఒళ్లంతా వెళుతుంది. టీవీ పోటీదారులలో లెప్టిన్ 41 నుంచి 2.6 నానోగ్రాములకు దిగిపోయింది. బరువు స్థిరపడి, రోజువారీ ఖర్చుకు సరిపడా తింటున్నప్పుడు ఈ సందేశం చాలావరకు చల్లబడుతుంది.

కాటియా మార్టిన్స్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2020లో ఈ తేడానే పట్టి చూశారు. నార్వేలో 71 మంది తక్కువ కేలరీల ఆహారంతో సగటున 14 కిలోలు తగ్గారు. తగ్గిన వెంటనే కొలిస్తే సర్దుబాటు రోజుకు 90 కేలరీల చుట్టూ ఉంది. నాలుగు వారాలు బరువు నిలకడగా ఉంచి మళ్లీ కొలిస్తే 40 దరిదాపుకు వచ్చింది. అలబామాలో సమాచారం ఉన్న 171 మంది మహిళల్లో, 12 కిలోలు తగ్గి బరువు స్థిరపడ్డాక సర్దుబాటు సగటున 54 కేలరీలు. ఏడాదికి, రెండేళ్లకు కొలిస్తే అది కనిపించలేదు. వాళ్లలో చాలామంది మాత్రం బరువు తిరిగి పెరిగారు, రెండేళ్లకు తగ్గినదాంట్లో సుమారు 90 శాతం వెనక్కి వచ్చింది. 54 కేలరీలంటే ఒక చిన్న ఇడ్లీ. అంత బరువు తిరిగి రావడానికి దాన్ని కారణంగా చూపలేం.

మరి 499 మాట? ఆ అధ్యయనాన్ని కొట్టిపారేయాల్సిన పని లేదు. అయితే దాన్ని అందరికీ వర్తించే నియమంగా చదవడం తప్పు. మొదట సగటున 149 కిలోలు ఉన్నవాళ్లు ఏడు నెలల్లో 91కి దిగడం మామూలు డైటింగ్ కాదు. పోటీ ముగిసినప్పుడు వాళ్ల కొలత 1,996, అంచనా సుమారు 2,270, సర్దుబాటు 275. ఆరేళ్ల తర్వాత బరువు 132 దాకా తిరిగి వచ్చినా కొలత ఇంకా దిగి 1,903 అయింది. అక్కడే పాఠకుడు ఒక ప్రశ్న వేయాలి. మొదటి రెండు కొలతలకు వాడిన యంత్రం ఒకటి, ఆరేళ్ల తర్వాత వాడింది మరొకటి. యంత్రాల మధ్య కొన్ని శాతాల తేడా ఉంటుందన్నది అందరికీ తెలిసిన విషయమే. దాంతో 499 మొత్తం మాయమైపోదు, కానీ 275 నుంచి 499కి పెరగడంలో ఎంత నిజం, ఎంత యంత్రం అన్నది తేలదు. పైగా సగటు చుట్టూ మనిషికీ మనిషికీ మధ్య విస్తృతి 207 కేలరీలు.

ఆ వ్యాసంలోనే ఉండి కూడా పత్రికల శీర్షికల్లోకి రాని సంగతి ఇంకొకటుంది. ఆరేళ్ల తర్వాత ఎవరిలో సర్దుబాటు ఎక్కువగా కనిపించిందో వాళ్లే ఎక్కువ బరువు తగ్గి నిలబెట్టుకున్నవాళ్లు. పోటీ ముగిసే నాటి సర్దుబాటుకు, ఆ తర్వాత పెరిగిన బరువుకు సంబంధం కనపడలేదు. మెటబాలిజం పడిపోవడం వల్లే వాళ్ల బరువు పెరిగి ఉంటే ఇది తిరగబడి ఉండాలి. 2022లో కెవిన్ హాల్ ఈ ఫలితాలను తానే మళ్లీ చదివి, మరో వివరణ ముందుకు తెచ్చారు. ఎక్కువకాలం ఎక్కువ వ్యాయామం చేసేవాళ్ల శరీరం ఆ ఖర్చుకు ప్రతిగా విశ్రాంతి ఖర్చును తగ్గించుకుని ఉండవచ్చని ఆయన రాశారు. అది నిజమైతే, సర్దుబాటు డైటింగ్ చేసిన గాయం కాదు, కష్టపడి నడుస్తున్న ఒంటి లెక్క.

విశ్రాంతి ఖర్చు ఒక్కటే మొత్తం కథ కాదన్నది కూడా మరవకూడదు. బరువు తగ్గిన మనిషి అదే దూరం నడిచినా తక్కువ కేలరీలు ఖర్చవుతాయి, మోసే బరువు తగ్గింది కాబట్టి. తెలియకుండానే కదలికలూ తగ్గుతాయి. ఆకలి పెరుగుతుంది. డోమ్ కింద పడుకున్నప్పుడు ఇవేవీ కనపడవు. బరువు తిరిగి రావడానికి కారణాలు వెతికేవాళ్లు ముందు ఇక్కడే చూడాలి.

ఈ కొలత చేయించుకోవాలనుకునేవాళ్లు డైటింగ్ మొదలుపెట్టక ముందే ఒకసారి చేయించుకోవాలి. బరువు తగ్గాక, అది కనీసం నాలుగు వారాలు కదలకుండా నిలిచాక, అదే చోట, అదే యంత్రం మీద, వీలైతే రెండు వేర్వేరు రోజుల్లో మళ్లీ చేయించుకోవాలి. నివేదికలో కేలరీలతో పాటు ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ అంకెలు, వాటి నిష్పత్తి ఇమ్మని అడగాలి. ఆ అంకెలు ఇవ్వలేని యంత్రం చాలావరకు ఊపిరిని పూర్తిగా కొలవని యంత్రమే. కొన్ని చేతిలో పట్టుకునే పరికరాలు ఆక్సిజన్‌ను మాత్రమే కొలిచి, నిష్పత్తి 0.85 అని ఊహించుకుంటాయి. మునుపటి కొలత లేకుండా, ఏ సూత్రంతో పోల్చారో చెప్పకుండా, ఒక్క పరీక్ష చూపించి ‘మీ మెటబాలిజం దెబ్బతింది’ అని ఎవరైనా మందో పొడో అమ్మబోతే కొనకండి.